పగలు పాలు తాగుతూనే నిద్రపోయే పాప, రాత్రి నాలుగుసార్లు ఆకలి: పగటి పాలు పెంచడం ఎలా?

తొలిచూలు

మా పాపకు ఏడు వారాలు నిండాయి. నెలలు నిండిన తరువాతే పుట్టింది. పుట్టినప్పుడు 3.1 కిలోలు ఉండేది, నిన్న తూచినప్పుడు 4.6 కిలోలు ఉంది. తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వడం లేదు. నా ఇబ్బంది ఏమిటంటే, పగటిపూట పాప రొమ్ము పట్టిన ఐదారు నిమిషాలకే కళ్లు మూసి నిద్రలోకి జారుకుంటుంది. పక్క మీద పడుకోబెడితే ముప్పావు గంటకే లేచి మళ్లీ పాల కోసం వెతుక్కుంటుంది. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు ఇదే తంతు. పది దాటిన తరువాత మాత్రం రెండు గంటలకోసారి లేచి, గుటకలు బయటికి వినబడేంత ఆత్రంగా పావుగంటకు పైగా తాగుతుంది.

పగలు కడుపునిండా తాగిన పిల్లలకు రాత్రి ఆకలి తగ్గుతుందని చాలామంది చెబుతున్నారు. అది నిజమే కావచ్చు, కానీ నిద్రపోతున్న బిడ్డ చేత కడుపునిండా తాగించడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. లేపి తాగించాలా, లేక నా పాలే చాలడం లేదా?

నిశాచరుడు

పాల గురించి కంగారు పడకండి, చిక్కంతా వేళల్లోనే ఉంది. ముప్పావు గంటకోసారి ఇస్తూ ఉంటే ఏ బిడ్డకైనా అసలైన ఆకలి ఎప్పుడు పుడుతుంది? మా బాబు రెండు నెలల వాడిగా ఉన్నప్పుడు మేము పగలు మూడు గంటల ఎడం కచ్చితంగా పాటించాము. మధ్యలో ఏడిస్తే ఎత్తుకుని తిప్పేవాళ్లమే తప్ప పాలు పట్టేవాళ్లం కాదు. పగటి నిద్ర కూడా బాగా తగ్గించాము. వాడు సీసా నోటికి అందగానే 120 మి.లీ. తాగేసేవాడు, రాత్రి ఒక్కసారే లేచేవాడు. ఆకలి బాగా పెరిగాక ఇస్తే బిడ్డ మధ్యలో నిద్రపోదన్నది మా అనుభవం.

పాలపిట్ట

ప్రసూతి వార్డులో తల్లులకు పాలిచ్చే విషయంలో సాయపడే నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను కనుక నాకు తెలిసింది చెబుతాను.

తొలిచూలు గారూ, ముందుగా బరువు లెక్క చూద్దాం. ఏడు వారాల్లో కిలోన్నర పెరిగిందంటే రోజుకు సుమారు 30 గ్రాములు. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాముల పెరుగుదల ఉంటే చాలు. కాబట్టి ఇరవై నాలుగు గంటల్లో పాపకు అందవలసిన పాలు అందుతూనే ఉన్నాయి, మీ పాలు చాలడం లేదన్న మాటే లేదు. అందే పాలలో పగటి వాటా ఎంత, రాత్రి వాటా ఎంత అన్నదే మీ ప్రశ్న.

ఇక ఐదు నిమిషాలకే నిద్ర ఎందుకు? బిడ్డ రొమ్ము పట్టగానే మొదట వేగంగా చప్పరిస్తుంది, పాలు చేపుకు వచ్చాక ఒకటి రెండు చప్పరింతలకు ఒక గుటక చొప్పున మింగుతుంది. కొన్ని నిమిషాలకు ఆ ధార పలచబడుతుంది. నాలుగైదు నెలల బిడ్డ అయితే ధార తగ్గగానే విసుక్కుని రొమ్మును గుంజుతుంది. నెల, రెండు నెలల పసిబిడ్డ అలా చేయదు, నిద్రపోతుంది. ఒంటి వెచ్చదనం దీనికి తోడవుతుంది. చప్పరించడం వల్లనూ, పేగులోకి పాలు దిగడం వల్లనూ విడుదలయ్యే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను కూడా మత్తు తెస్తుంది. అందువల్ల ఐదో నిమిషంలో వచ్చిన నిద్రను చూసి కడుపు నిండిందని అనుకోలేం, ధార తగ్గిందని మాత్రమే అనుకోవచ్చు. రాత్రి రెండు గంటల ఎడం తరువాత రొమ్ములో పాలు ఎక్కువగా నిలిచి ఉంటాయి, ధార ఎక్కువసేపు సాగుతుంది, అందుకే అదే పాప పావుగంట తాగగలుగుతోంది.

నిశాచరుడు గారి మాటలో సగం నిజం ఉంది. కొంచెం ఎడం ఉంటే బిడ్డ బాగా తాగుతుంది. అయితే సీసాలో ధార మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉంటుంది కనుక ఆకలిగా ఉన్న బిడ్డ ఆగకుండా తాగేస్తుంది. తల్లిపాల మీద ఉన్న ఏడు వారాల పాపను మూడు గంటల వరకు ఏడిపించి ఉంచితే, ఏడ్చి అలసిన బిడ్డ రొమ్ము పట్టిన రెండో నిమిషానికే పడుకుంటుంది. పైగా రొమ్ము తక్కువసార్లు ఖాళీ అయితే పాలు తయారవడమూ తగ్గుతుంది.

ఒక రోజంతా నిమిషాలు లెక్కపెట్టడం మాని గుటకలు గమనించండి. గడ్డం బాగా కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, ఆ తరువాత చిన్న శ్వాస శబ్దం వస్తే అది గుటక. గడ్డం పైపైన వణికినట్టు కదులుతూ ఉంటే అది ఊరక చప్పరించడం. గుటకలు ఎంతసేపు ఉన్నాయో, నిద్రపోయేటప్పుడు పిడికిళ్లు బిగిసి ఉన్నాయో విప్పారి ఉన్నాయో చెప్పండి. గ్రాముల్లో చూపే పసిపిల్లల తూకం ఎక్కడైనా దొరికితే ఇంకా మంచిది.

మల్లెపందిరి

నేనూ సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నాను. రొమ్ము మీద నిద్రపోవడం అలవాటైతే తరువాత వదిలించడం చాలా కష్టం. మా అబ్బాయికి ఏడాది దాటింది, ఇప్పటికీ రొమ్ము నోట్లో లేకపోతే పడుకోడు. మీరు ఇప్పటి నుంచే పాలు ఇచ్చే వేళను, పడుకోబెట్టే వేళను వేరు చేయండి. కళ్లు మూతపడుతుండగానే రొమ్ము తీసేసి, మెలకువగా ఉండగానే పక్క మీద పడుకోబెట్టండి. వారంలో దారికి వస్తుంది.

తొలిచూలు

మల్లెపందిరి గారూ, మీ సలహాకు ధన్యవాదాలు. కానీ నా బెంగ అలవాటు గురించి కాదు. కళ్లు మూతపడుతుండగానే తీసేస్తే పాప ఇప్పుడు తాగుతున్న కాసిన్ని పాలు కూడా తాగదు కదా.

పాలపిట్ట గారూ, మా పిల్లల డాక్టరు దగ్గర నుంచి తూకం యంత్రం అద్దెకు తెచ్చుకున్నాము. పాలకు ముందు, తరువాత అదే బట్టలతో, అదే డైపర్‌తో తూచాను. పగటి పాలు ఒక్కోసారి 30 గ్రాములు, ఒక్కోసారి 45, సగటున 40 వచ్చాయి. అలా తొమ్మిది సార్లు తాగింది. రాత్రి నాలుగుసార్లు తాగినప్పుడు వరుసగా 90, 85, 80, 75 గ్రాములు వచ్చాయి. గుటకల విషయం మీరు చెప్పినట్టే ఉంది. పగలు నాలుగు నిమిషాలు చక్కగా మింగుతుంది, ఆ తరువాత వణికినట్టు చప్పరించడమే. నిద్రపోయేటప్పుడు పిడికిలి బిగించే ఉంటోంది. రాత్రి మాత్రం అరచేతులు విప్పి, చేతులు వేలాడేసి పడుకుంటుంది.

పాలపిట్ట

ఇంత వివరంగా చెప్పారు కనుక పని తేలికైంది. ఒక గ్రామును ఒక మిల్లీలీటరు అనుకుంటే పగలు 360, రాత్రి 330, మొత్తం 690 మి.లీ. అయింది. కిలోకు 150 మి.లీ. చొప్పున 4.6 కిలోల పాపకు సరిగ్గా అంతే కావాలి. అంటే పదహారు గంటల పగటిలో తాగుతున్నంత పాలు దాదాపుగా ఎనిమిది గంటల రాత్రిలో తాగుతోంది. రోజు మొత్తం పెరగనవసరం లేదు, రాత్రి వాటాలో నుంచి నూరూ నూటయాభై మి.లీ. పగటికి జరిగితే చాలు. ఎనిమిది సార్లు తాగినా ఒక్కోసారి 60 దాటితే పగటి లెక్క 480 అవుతుంది. మనకు కావలసింది ప్రతిసారీ మరో ఇరవై మిల్లీలీటర్లే, 120 మి.లీ. సీసాలు కాదు. తూకాన్ని ఒకటి రెండు రోజులకు మించి వాడవద్దు. ఒక్కసారి తూచిన అంకెను చూసి బెంగ పెట్టుకునే తల్లులను నేను చాలామందిని చూశాను.

ఆ ఇరవై మిల్లీలీటర్లు ఎక్కడి నుంచి వస్తాయో చెబుతాను. నాలుగో నిమిషంలో గుటకలు ఆగి చప్పరింత మిగిలినప్పుడు, పాప ఇంకా పూర్తిగా నిద్రపోకముందే, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు మరో పక్క వచ్చేలా రొమ్మును ఛాతీకి దగ్గరగా పట్టుకుని, నొప్పి కలగనంత మేరకు నొక్కి ఉంచండి. పాప చప్పరిస్తున్నప్పుడే నొక్కాలి, ఆగినప్పుడు వదలాలి. ధార మళ్లీ రాగానే గుటకలు మొదలవుతాయి. గుటకలు ఆగితే చెయ్యి కాస్త జరిపి మళ్లీ నొక్కండి. నొక్కినా గుటక రాకపోతే ఆ పక్క అప్పటికి చాలు. అప్పుడు చిటికెన వేలితో పట్టు విడిపించి, పాపను నిటారుగా భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి, చుట్టిన గుడ్డ విప్పండి, డైపర్ మార్చవలసి ఉంటే అప్పుడే మార్చండి, ఆ తరువాత రెండో పక్క పట్టించండి. చాలామంది డైపర్ ముందే మార్చేసి, లేపడానికి ఉపయోగపడే ఆ ఒక్క పనినీ వృథా చేసుకుంటారు. తడి గుడ్డతో తుడవడం, చెవి పట్టి లాగడం, పాదం మీద గట్టిగా కొట్టడం వంటివి వద్దు. వాటివల్ల బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చిన బిడ్డ సరిగా పట్టదు.

ఇన్ని చేసినా పడుకుంటే పడుకోనివ్వండి, కానీ వెంటనే పక్క మీద పెట్టేయకుండా ఒక ఇరవై, ముప్పై నిమిషాలు గుండెల మీద ఉంచుకోండి. మొదట వచ్చిన మత్తు కాస్త తగ్గి, కనురెప్పల కింద కళ్లు కదలడం, పెదవులు చప్పరించడం, మొహం అటూ ఇటూ తిప్పడం కనిపిస్తుంది. చెయ్యి ఎత్తి వదిలితే బరువుగా పడిపోతే అది గాఢనిద్ర, అప్పుడు పట్టించినా తాగదు. చెయ్యి కొద్దిగా బిగువుగా ఉంటే తేలిక నిద్ర, ఆ సమయంలో రొమ్ము అందిస్తే కళ్లు తెరవకుండానే మింగుతుంది. ముప్పావు గంటకు ఏడ్చి లేచే పాపకు మీరు విడిగా మరోసారి పాలిస్తున్నారు. ఆ పాలనే ముందుకు జరిపి మొదటి పాలకు కలుపుతున్నామన్నమాట.

నిశాచరుడు

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. పగలు రెండుసార్లు పిండిన పాలను సీసాలో పడితే ఎంత తాగిందో కళ్లకు కనిపిస్తుంది, నిద్రమత్తులో ఉన్నా సీసా పీక కదిలిస్తే మిగిలింది కూడా తాగేస్తుంది. మా వాడికి అలాగే పట్టేవాళ్లం.

పాలపిట్ట

సీసాతో పట్టడంలో తప్పు లేదు. నిద్రమత్తులో ఉన్నప్పుడు పీక కదిలించి మిగిలినది తాగించడంలోనే ఉంది చిక్కు. నోట్లోకి పాలు కారితే పసిబిడ్డ మింగక తప్పదు. దాన్ని చూసి ఆకలితో తాగిందని అనుకుంటాం. నిజంగా నిద్రలో ఉన్న బిడ్డకు పాలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, ఎక్కువైన పాలు కక్కుకోవడమూ ఉంటుంది. సీసా తాగే బిడ్డను కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా పట్టుకుని, కొన్ని గుటకలకొకసారి కిందికి వంచి ఊపిరి పీల్చుకోనివ్వాలి. పెదవులు మూసుకుని, చేతులు వదులై, పీకను నాలుకతో నెడితే ఆపేయాలి, సీసాలో ఇరవై మిల్లీలీటర్లు మిగిలినా సరే. దానికి భిన్నంగా, అరగంట దాటినా సీసా సగమే అయి బిడ్డ పడుకుంటుంటే పీక రంధ్రం మరీ సన్నగా ఉందేమో చూడాలి. చప్పరించి చప్పరించి అలసి పడుకునే పిల్లలూ ఉంటారు.

ముందేవచ్చాడు

ఈ చర్చ చదివే వాళ్లలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లులు ఉంటే వారి కోసం రాస్తున్నాను. మా బాబు ముప్పై ఆరో వారంలో పుట్టాడు. చూడటానికి నిండు బిడ్డలాగే ఉండేవాడు కనుక ఆకలేస్తే వాడే లేస్తాడులే అనుకుని అందరమూ నిద్రపోనిచ్చాము. అయిదు గంటలు కూడా పడుకునేవాడు, మంచి బిడ్డ అని మురిసిపోయాము. పదో రోజున తూస్తే పుట్టినప్పటి బరువు కంటే తొమ్మిది శాతం తక్కువ ఉన్నాడు, కామెర్లు కూడా పెరిగాయి. అది కడుపు నిండిన నిద్ర కాదని, తాగే ఓపిక లేక వచ్చిన నిద్ర అని అప్పుడు డాక్టరు చెప్పారు. కాంతి చికిత్స చేసి, రాత్రీ పగలూ తేడా లేకుండా మూడు గంటలు దాటకుండా లేపి పట్టమన్నారు, రొమ్ము తరువాత పిండిన పాలు కూడా ఇమ్మన్నారు. రాత్రి ఆకలి తగ్గించడం అన్న ఆలోచనే అప్పట్లో మాకు ఉండకూడదు.

పాలపిట్ట

ఇది చాలా అవసరమైన మాట. పుట్టిన బరువు తిరిగి రావడానికి సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అది వచ్చేవరకు, బరువు నిలకడగా పెరుగుతోందని తేలేవరకు రాత్రి పాలు తగ్గించే ఆలోచన ఎవరూ చేయకూడదు. తొలిచూలు గారి పాప రోజుకు 30 గ్రాములు పెరుగుతోంది కాబట్టే నేను ఇంత ధైర్యంగా సలహా చెబుతున్నాను. ఐదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరు డైపర్ల కంటే తక్కువ తడిపినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, చర్మం, కళ్లు పచ్చబడుతున్నా వెంటనే చూపించాలి. మరొకటి ఉంది. పాలు తాగుతున్నంతసేపూ నుదుటి మీద చెమటలు పట్టి, ఊపిరి వేగంగా తీస్తూ, ఆగి ఆగి తాగి అలసి పడుకునే బిడ్డకు గుండె పరీక్ష చేయించాలి. దాన్ని నిద్రమొద్దు స్వభావం అనుకుని నెలల తరబడి రొమ్ము నొక్కే చిట్కాలతో గడిపేయకూడదు.

సందేహి

నేను అడ్డు తగులుతున్నానని అనుకోకండి, కానీ ఈ చర్చకు పునాదిగా ఉన్న మాటనే ఒకసారి పరిశీలించాలి. పగలు ఎక్కువ తాగితే రాత్రి తక్కువ తాగడం సహజమే, రోజు మొత్తం ఒకటే కాబట్టి. కానీ తక్కువ తాగడమూ తక్కువసార్లు లేవడమూ ఒకటి కాదు. ఆరు నుంచి పన్నెండు నెలల పిల్లల తల్లులను అడిగి చేసిన ఒక బ్రిటిష్ అధ్యయనం 2015లో వచ్చింది. పగలు పాలు గానీ గట్టి ఆహారం గానీ ఎక్కువగా తీసుకున్న పిల్లలు రాత్రి పాలు తాగడం తగ్గిందని, మేల్కోవడం మాత్రం తగ్గలేదని అందులో తేలింది. అదీ ఆరు నెలలు దాటిన వారి సంగతి. ఏడు వారాల పాపకు దాన్ని ఎంతవరకు అన్వయించవచ్చో నాకు అనుమానమే.

ఇంకొక సంగతి. ఆస్ట్రేలియాలో ఒకటి నుంచి ఆరు నెలల పిల్లలను ప్రతి పాలకూ ముందు వెనుక తూచి చేసిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. తల్లిపాలు తాగే ఆ పిల్లల్లో ఎక్కువమంది రాత్రి కూడా తాగారు, రోజు మొత్తం పాలలో దాదాపు ఐదో వంతు రాత్రిదే. కొందరు తల్లుల రొమ్ములో ఒకసారికి నిలిచే పాలే తక్కువ. వారి బిడ్డ ఎక్కువసార్లు తాగి రోజు మొత్తం సరిచేసుకుంటుంది. అటువంటి తల్లిని పగలు 'నిండా' పట్టించమంటే ఆమె ఏం చేయగలదు?

పాలపిట్ట

మీ రెండు మాటలూ ఒప్పుకుంటాను. నేను కూడా రాత్రి ఆకలి తగ్గుతుందన్నానే గానీ పాప రాత్రంతా పడుకుంటుందని అనలేదు. తొలిచూలు గారి పాప రాత్రి వాటా దాదాపు సగం ఉంది, మీరు చెప్పిన ఐదో వంతు కంటే అది చాలా ఎక్కువ. జరపడానికి అవకాశం ఉన్నది అందువల్లనే. రాత్రి వాటా ముందే ఐదో వంతుకు దగ్గరగా ఉన్న బిడ్డ విషయంలో పగటి పాలతో ఏదో సాధించాలని శ్రమపడటం దండగ. ఇక రొమ్ము నిల్వ సంగతి: రాత్రి ఒకసారికి 90 మి.లీ. ఇవ్వగలిగిన తల్లికి పగలు 60 ఇవ్వగలిగే నిల్వ ఉన్నట్టే. రాత్రి కూడా 50 దాటని తల్లి అయితే సార్లు తగ్గించమని నేను చెప్పను.

వయసు గురించి మాత్రం మీతో కొంచెం తేడా ఉంది. ఆరు వారాలు దాటుతుంటే పగలూ రాత్రీ తేడా బిడ్డ ఒంటికి కొద్దికొద్దిగా తెలియడం మొదలవుతుంది, మూడు నెలల నాటికి బాగా స్థిరపడుతుంది. పగటి పాలు వెలుతురులో, మాటల మధ్య ఇచ్చి, రాత్రి పాలు మసక వెలుతురులో, మాట్లాడకుండా ఇస్తే ఈ మార్పు సాఫీగా జరుగుతుంది. ఇది నేను వార్డులో, ఆ తరువాత ఇళ్లల్లో చూసినది. దీనికి నా దగ్గర తూకాలు లేవు.

మల్లెపందిరి

నిద్రపట్టడానికి రాత్రి సీసాలో కాస్త ధాన్యపు పొడి కలిపితే నిండుగా ఉంటుందని మా పక్కింటి పెద్దావిడ చెప్పారు. అది ఈ వయసుకు పనికివస్తుందా?

ముందేవచ్చాడు

పనికిరాదు. మాకూ ఎవరో చెబితే డాక్టరును అడిగాము. ఈ వయసు బిడ్డ పేగులు దానికి సిద్ధంగా ఉండవని, చిక్కని పాలు గొంతుకు అడ్డం పడవచ్చని, పైగా దానివల్ల నిద్ర పెరగదని ఆయన స్పష్టంగా చెప్పారు.

తొలిచూలు

చాలామంది అడిగారు కాబట్టి ఇప్పటి పరిస్థితి రాస్తున్నాను. పాపకు తొమ్మిదో వారం నడుస్తోంది. రొమ్ము నొక్కడం మొదట్లో నాకు చేతకాలేదు, చనుమొనకు మరీ దగ్గరగా పట్టుకునేదాన్ని, పాప పట్టు జారిపోయేది. ఛాతీ వైపు జరిపి పట్టుకున్నాక గుటకలు మళ్లీ రావడం నా కళ్లతో చూశాను. డైపర్ మధ్యలో మార్చడం అన్నింటికంటే బాగా పనిచేస్తోంది. తేలిక నిద్రలో పట్టించడం ఉదయం వేళ బాగా కుదురుతోంది గానీ, మధ్యాహ్నం పాప ఎంత సేపున్నా గాఢనిద్రలో నుంచి బయటికి రాదు, ఆ ఒక్కసారి వదిలేస్తున్నాను. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు మాత్రం ఏం చేసినా గంటకోసారి కొద్దికొద్దిగానే తాగుతుంది.

మళ్లీ ఒక రోజు తూచాను. పగలు ఎనిమిది సార్లలో దాదాపు 510 వచ్చింది. రాత్రి రెండుసార్లలో 195. సందేహి గారు చెప్పిందీ నిజమే: రాత్రి ఇంకా మూడుసార్లు లేస్తోంది. ఆ మూడోసారి, తెల్లవారుజామున నాలుగింటికి, రొమ్ము పట్టించినా గుటకలు రావడం లేదు. కాసేపు గుండె మీద చెయ్యి వేసి ఉంచితే పడుకుంటోంది. అది ఆకలి కాదని ఇప్పుడు గుర్తుపట్టగలుగుతున్నాను. ఇంతకుముందు ప్రతి ఏడుపునూ ఆకలే అనుకునేదాన్ని.

ఒక కొత్త సమస్య వచ్చింది. రాత్రి ఎడం పెరిగేసరికి తెల్లవారుజామున రొమ్ములు రాయిలా గట్టిపడి నొప్పి పుడుతున్నాయి. పిండేయాలా?

పాలపిట్ట

సాయంత్రపు చిన్న చిన్న పాలను మార్చే ప్రయత్నం చేయకండి. ఈ వయసు పిల్లలు చాలామంది ఆ వేళ అలాగే తాగుతారు. రాత్రి మొదటి ఎడం పొడవుగా ఉండటానికి ఆ పాలే సాయపడతాయని నా అభిప్రాయం.

గట్టిపడినప్పుడు పూర్తిగా పిండకండి, పిండితే ఆ వేళకు అంత పాలు కావాలని ఒళ్లు అనుకుంటుంది. బిగువు తగ్గి మెత్తబడేంత వరకు మాత్రమే, ఒకటి రెండు నిమిషాలు చేత్తో పిండి వదిలేయండి. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఒక చోట గడ్డలా ఎర్రబడి, జ్వరం, వణుకు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పాపకు పట్టించడం ఆపకండి.

నిశాచరుడు

మీరు పడుకునే ముందు, పదకొండు గంటల వేళ, నిద్రలోనే ఎత్తి ఒకసారి పట్టించి చూశారా? మాకు దానివల్లే రాత్రి మొదటి మెలకువ మూడింటికి జరిగింది.

సందేహి

మా అమ్మాయికి అదే చేస్తే రెండు రాత్రులు బాగుంది, ఆ తరువాత పదకొండింటికి తనంతట తానే లేవడం మొదలుపెట్టింది, మూడింటి మెలకువ కూడా ఉండనే ఉంది. గాఢనిద్రలో ఉన్న బిడ్డను ఎత్తితే తాగేది ఇరవై మిల్లీలీటర్లే, చెదిరేది మాత్రం నిద్రంతా.

పాలపిట్ట

ఇద్దరి మాటా విన్నాను, ఇద్దరి లాంటి పిల్లలనూ చూశాను. గంట కొట్టినట్టు పదకొండింటికే కాకుండా, పది, పదకొండు మధ్య పాప పెదవులు కదిలించే క్షణం కోసం చూసి పట్టిస్తే కుదిరే అవకాశం ఎక్కువ. మూడు నాలుగు రాత్రుల్లో తేడా లేకపోతే మానేయవచ్చు.

దారినపోయేగాలి

నా ప్రశ్న కొంచెం పక్కదారి పట్టవచ్చు. మా బాబుకు ఐదు నెలలు. పాలు తాగుతూ నిద్రపోడు, దానికి పూర్తిగా వ్యతిరేకం: పగలు నాలుగు గుటకలు వేసి, తలుపు చప్పుడైనా, ఎవరైనా దగ్గినా తల తిప్పేస్తాడు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పగలు సీసాలో 60 మి.లీ. కంటే తాగడం లేదు, రాత్రంతా నా దగ్గరే తాగుతున్నాడు. పగటి వాటా తక్కువ కావడం అదే కదా, ఇదే వైద్యం పనిచేస్తుందా?

పాలపిట్ట

లెక్క ఒకటే, కారణం వేరు. మీ బాబుకు ధార తగ్గి నిద్ర రావడం లేదు, చుట్టూ ఉన్న లోకం మీద ఆసక్తి పెరిగింది. అతనికి వెలుతురు తక్కువగా ఉండి చప్పుడు లేని గది కావాలి. తొలిచూలు గారి పాపకు చెప్పిన వెలుతురు, మాటలు మీకు పనికిరావు. మీరు ఇంటికి రాగానే ఒకసారి, ఉదయం బయలుదేరే ముందు ఒకసారి తొందరలేకుండా రొమ్ము ఇవ్వండి. నిద్ర లేచిన వెంటనే, ఇంకా మగతగా ఉన్నప్పుడు పిల్లలు మరలిపోకుండా తాగుతారు. సీసా పట్టేవారిని కూడా ఆ వేళనే పట్టమనండి. తల్లి లేని వేళ తక్కువ తాగి, ఆమె వచ్చాక రాత్రి ఆ లోటు తీర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. బరువు సరిగా పెరుగుతుంటే దానివల్ల బిడ్డకు హాని లేదు, అలసట మీది.

దారినపోయేగాలి

చీకటి గదిలో మా అత్తగారు పట్టి చూశారు, 90 మి.లీ. వరకు తాగాడట. కానీ ఆ రాత్రి కూడా నాలుగుసార్లు లేచాడు, నాలుగుసార్లూ గుటకలు వినిపించాయి. ఇంకెన్నాళ్లు చూడాలి?